కొసరు సబ్బుల సంచి

పెద్దపల్లిలో మా పెరడు ఇప్పటికీ కలలా కనిపిస్తుంది. పలకల మీద ఆరబెట్టిన బట్టల సబ్బులు ఎండకు పసుపుపచ్చగా, నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉండేవి. ఆ వాసనకు మధ్యాహ్నం పూట కళ్ళు మూతలు పడేవి.

సబ్బు వండేది మా ఇంటాయన. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, రైలెక్కి బెల్లంపల్లి, నస్పూర్ దుకాణాలకు అమ్మివచ్చేవాడు. పెట్టెకు యాభై సబ్బులు, సబ్బు రెండణాలు. పెట్టె అమ్మితే మరిదికి ఎనిమిదణాల కమీషన్. బొగ్గు మసి బట్టల ఊళ్ళు కదా, సరుకు ఆగేది కాదు. అయినా సబ్బుకు కావలసిన నూనె కొనడానికి చేతిలో ఏమీ మిగలక ఆ వేసవిలో పొయ్యి వారానికి ఒక్కసారే వెలిగింది. ఇట్లాగే సాగితే పని మూసేయాల్సిందే.

ఒకరోజు మరిది గుడ్డలో విడి సబ్బులు మూట కడుతుంటే చూశాను.

"గివేంది?"

"కొసరు వదినె. పెట్టెకు అయిదు. ఇయ్యకుంటే దుకాణపోల్లు మొకం తిప్పుకుంటరు."

"మరి నీ కమీషన్ల కోత పడుతదా?"

"నాకెందుకు పడుతది? నా ఎనిమిదణాలు నాకే," అని నవ్వాడు.

నేను రెండో తరగతి దాటలేదు, కానీ కూడికలు వచ్చు. పెట్టెకు ఖర్చులు పోను ఒకటిన్నర రూపాయి, అంటే ఇరవై నాలుగణాలు, మిగలాలి. కమీషన్ ఎనిమిదణాలు, కొసరు పదణాలు పోతే మాకు ఆరణాలే. మరిది తప్పేమీ లేదు. ఎంత పంచినా అతనికి నొప్పి తగలని ఏర్పాటు చేసింది మేమే.

"కొసరు మొత్తం బంద్ చేస్త," అన్నాడు మా ఇంటాయన, నా లెక్క విని.

"అమ్మకమే బంద్ అయితది. కమీషన్ తగ్గిస్తే నీ తమ్ముడు ఇంకో సబ్బులాయన దగ్గరికి పోతడు."

ఒక సంచి కుట్టి మరిది ముందు పెట్టాను. "పెట్టెకు రెండు కొసరు సబ్బులు గిండ్ల ఏస్త. ఎనిమిదణాలు ఎప్పటి లెక్కనే. నువ్వు వాపస్ తెచ్చిన ఒక్కో సబ్బుకు ఒక అణా నీది. రెండు దాటి ఇచ్చినవో, ఒక్కోదానికి రెండణాలు నీ కమీషన్ల కోస్త."

"అబ్బ, వదినె! షావుకారు కన్నా గట్టిదానివి."

"షావుకారైతే ఎనిమిదణాలు గూడ ఉంచడు. పో."

అతను వెళ్ళిన వారం రోజులూ నాకు కాలు నిలవలేదు. ప్రతి రైలు కూతకూ చేయి ఆగిపోయేది.

తిరిగి వచ్చినప్పుడు ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఎప్పుడూ అమ్మే ముప్పై పెట్టెల్లో మూడు మిగిలాయి.

"ఇద్దరు దుకాణపోల్లు రెండు కొసరుకు ఒప్పుకోలే," అన్నాడు.

సంచి విప్పాను. అమ్మిన ఇరవై ఏడు పెట్టెలకు లెక్కైన యాభై నాలుగు కొసరు సబ్బుల్లో నలభై అట్లాగే ఉన్నాయి. అతని కమీషన్ లెక్కకడితే ఎప్పటికన్నా ఒక రూపాయి ఎక్కువే వచ్చింది. మా వంతు రెండింతలైంది.

మరిది నాణేలను రెండుసార్లు లెక్కపెట్టి, "గా ఇద్దర్ని మల్ల అడుగుత వదినె. ఒక్క సబ్బు మీదనే ఒప్పిస్త," అన్నాడు.

మా ఇంటాయన ఖాళీ నూనె డబ్బాలు తీసుకుని బజారుకు బయలుదేరాడు.