కరక్కాయ నీళ్ళు, బడి కప్పు

నేను మూడో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత బడిలో అడుగుపెట్టింది బడి కప్పు కొట్టడానికే.

యుద్ధం రోజులు. సిమెంటు కంటికి కనపడేది కాదు. గురజాల దగ్గర మా ఊళ్ళో మిషను దొరలు కట్టిస్తున్న బడికి గోడలు మన పల్నాటి బండరాయే, కప్పు మాత్రం సున్నంతో వెయ్యాలన్నారు. దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, దానిపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి బెత్తెడు మందాన పరిచి, ఆడవాళ్ళం వరసగా కూర్చుని చెక్క బాదులతో కొట్టాలి. బాదు అంటే బట్టలుతికే కర్రలాంటిదే, కాస్త వెడల్పు. కొడుతున్నంతసేపూ కరక్కాయలు నానేసిన నీళ్ళలో బెల్లం కలిపి చల్లుతూ ఉండాలి. బాదు ముద్ర పడకుండా, ఖంగుమని మోగి ఎగిరి వెనక్కొచ్చేదాకా కొట్టాలి. ఒక్కో వరస నాలుగైదు రోజులు.

సున్నం గానుగ మా నాయనది. ఎడ్లను తిప్పుతూ సున్నమూ ఇసకా మెత్తగా నూరి ఇచ్చేవాడు. కప్పు మేస్త్రీ మాచర్ల వైపు మనిషి. మా పేటలోవాళ్ళ లాగానే చర్చికి పోయేవాడు, పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. మృగశిర కార్తె లోపల కప్పు ఆరి గట్టిపడాలని దొరలు గట్టిగా చెప్పారు. వానొస్తే పచ్చి సున్నం కొట్టుకుపోతుంది. పైగా వానొచ్చిన మర్నాడు మా ఆడవాళ్ళు ఒక్కరుండరు, అందరూ పొలాలకే.

మొదటిరోజే మేస్త్రీతో గొడవ పడ్డాను. బెల్లం నీళ్ళ తొట్టి దగ్గర ఆడవాళ్ళు వేళ్ళు ముంచి నాకుతున్నారు. బెల్లం దొరకని రోజులు, నాకరా మరి!

"మేస్త్రీ, బెల్లం కప్పుకా, కడుపులకా?" అన్నాను.

"నువ్వు నాకలేదా?"

"నాది కానిది నాకు తీపెట్టా అవుద్ది?"

ఆయన నవ్వలేదు. తొట్టి నా పక్కకి జరిపి, "రేపటినుంచి ఇది నీది. కరక్కాయ నలగ్గొట్టేది నువ్వే, బెల్లం వేసేది నువ్వే," అన్నాడు. ఆ రోజునుంచి వరసలన్నిటికీ నేను నీళ్ళు చల్లాలి, ఆయన పొద్దుగూకే ముందు బాదు వేసి చూడాలి. పనిలో ఇద్దరం ఒకరిని విడిచి ఒకరం కదలలేకపోయాం. నీళ్ళు ఎక్కువైతే కేకేసేవాడు. తక్కువైతే నేనే కేకేసేదాన్ని, ఎండకి ఆరిపోతోందని.

రోహిణి కార్తె ఎండలు. ఒకరోజు చూస్తే నీడకి వేసిన తాటాకు పందిరి నేను కూర్చున్న చోటికే జరిగి ఉంది. ఎవరు జరిపారని అడగలేదు. మర్నాడు సద్ది మూట విప్పాను. జొన్న సంగటి, ఒక్కటే ఉల్లిపాయ. సగం కోసి ఆయన ముందు పెట్టాను. ఉల్లిపాయ ఒకళ్ళకి పెట్టే మనిషిని కాను నేను, మా చెల్లెళ్ళనడిగితే చెప్తారు.

పక్కన కూర్చున్న పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏమే, నాకో పాయ పెట్టవే, నేనూ మేస్త్రీనే!" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాకు చెవులు కాలినట్టయింది. ఆయన ఉల్లిపాయ నమిలాడే గాని తలెత్తలేదు.

ఆ పక్షంలో ఇద్దరం మాట్లాడుకున్నది కప్పు గురించే. కప్పు అయిపోతే ఏటి అవతల పనుందని, అక్కడివాళ్ళు ఎదురు చూస్తున్నారని ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను. విన్నప్పటినుంచీ కప్పు త్వరగా అవ్వాలని కొట్టాలో, అవ్వకూడదని కొట్టాలో నాకే తెలియలేదు. అయినా కొట్టాను. కూలికొచ్చినదాన్ని.

చివరి వరస కొట్టే వంతు నాది. మూడోరోజుకే అరచేతులు పొక్కి నెత్తురు కారింది. గుడ్డ చుట్టుకుని కొడుతున్నాను. ఆయన వచ్చాడు. బాదు ఒక్కసారి వేశాడు. రెండోసారి వెయ్యలేదు. నా చేతులకేసి చూశాడు.

"చాలు. నీ వరస అయింది. దిగు," అన్నాడు.

నాకు తెలుసు, కాలేదని. బాదు కింద ఆ మోత రాలేదు, ముద్ర కనపడుతోంది. అయినా దిగాను. ఆ మాట అలా అనిపించుకోవడం హాయిగా ఉండింది. అబద్ధం చెప్పను, దిగుతుంటే నవ్వొచ్చింది కూడా.

మర్నాడు పొద్దున్నే, ఆరకుండా కప్పిన తడిగోతాలు తీసి కొడవలి మొనతో గీశాను. పైపొర గట్టిగానే ఉంది, కింద పిండిపిండిగా రాలింది. కొట్టాల్సిన వేళ కొట్టకపోతే సున్నం లోపల అదుముకోకుండానే బిగిసిపోతుంది. ఇంక ఎంత కొట్టినా పగులే. తవ్వి తీసి కొత్తది పరవాలి. దాని కింద కూర్చునేది పిల్లలు.

చెప్తే మేస్త్రీ పరువు పోతుంది, ఏటి అవతల పనీ పోతుందేమో. చెప్పకపోతే వానకి కారుద్ది. నిచ్చెన దగ్గరే ఆయన్ని ఆపాను.

"నిన్న నువ్వు నా వరస వినలేదు."

ఆయన కొడవలి గీతలు చూశాడు. "నీ చేతులు చూశాను," అన్నాడు.

"నా చేతులు మానతాయి. కప్పు మానదు."

"నువ్వు దిగావు గదా!"

"దిగాను. అందుకే చెప్తున్నా."

తిడతాడేమో అనుకున్నా. తలపాగా విప్పి దులిపి, మళ్ళీ చుట్టుకుని, తిన్నగా దొరగారి దగ్గరికి నడిచాడు. నేను పందిరి కిందనుంచే విన్నాను. "అయ్యా, ఒక వరస పనికిరాదు. పచ్చిగా ఉండగానే అయిందన్నాను. తప్పు నాది." నా పేరెత్తలేదు. దొర ఏదో గట్టిగా అన్నాడు. ఈయన తలొంచుకుని నిలబడ్డాడు. సందు చూసి జరిపిన పందిరికి కాదు, ఆ వంచిన తలకి నా మనసు పోయింది. ఇన్నేళ్ళకి ఇప్పుడు రాస్తున్నా.

తవ్వేశాం. మా నాయన గానుగ మళ్ళీ తిరిగింది. కార్తెకి ఆరురోజులే ఉంది. మనుషులు చాలక మేస్త్రీ ఆడవాళ్ళ వరసలో నా పక్కనే గొంతుకూర్చుని బాదు పట్టాడు. మగవాళ్ళు పట్టే పని కాదది.

"అయ్యో మేస్త్రీ, గాజులు తెమ్మంటావా?" అంది పెద్దమ్మ.

"తే. కొలత ఈమెనడుగు," అన్నాడు.

నేను మూతి బిగించుకుని నీళ్ళు చల్లాను. అయిదోరోజు సాయంత్రానికి బాదు ఎగిరి మోగింది. ఆయన ఒకసారి కాదు, వరస పొడుగునా జానకొకసారి వేసి విన్నాడు. నేనూ వేసి విన్నాను. ఇద్దరం తలూపాం.

రెండ్రోజులు ఆలస్యంగా వచ్చింది వాన. దంచే వాన. జనమంతా బయట అరుస్తున్నారు. మేమిద్దరం ఖాళీ బడిలో నిలబడి పైకి చూస్తున్నాం. ఇటుకల సందుల్లో చుక్క తడి లేదు.

"నేను ఏటి అవతలికి పోవాలి," అన్నాడు. "పోబుద్ధి కావడంలేదు."

"పోబుద్ధి కాకపోతే పనెవరు చేస్తారు? పో."

మొహం చిన్నబోయింది. చూడలేకపోయాను.

"పోయేముందు మా నాయనతో మాట్లాడి పో," అన్నాను.

నెత్తిన గుడ్డైనా వేసుకోకుండా వానలో పరిగెత్తాడు. మా నాయన గానుగ పక్క పాకలో ఎడ్లకి మేత వేస్తున్నాడు. నేను వెనకాలే పోయి దడి అవతల నిలబడ్డాను. అంతదాకా ఆయన మా నాయన్ని పెద్దాయనా అనే పిలిచేవాడు.

"మామా," అన్నాడు.

మా నాయన చేతిలో గడ్డిపరక ఆగిపోయింది. తడిసి ముద్దయిన మనిషిని పైనుంచి కిందికి చూశాడు. "మా పిల్ల నోరు మంచిది కాదయ్యా. తెలుసా?"

"తెలుసు మామా. మొన్నే ఒక వరస తవ్వించింది."

మా నాయన నవ్వాడు. తర్వాత దడివైపు తిరిగి, "లోపలికి రావే, తడుస్తున్నావు," అన్నాడు.