అతుకు దగ్గర తుప్పు

తాడేపల్లిగూడెంలో లోహాలపై పరిశోధన చేసే వాసవి, పెదపాడు చేపల రైతు సూర్యనారాయణ చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్ ఇరుసుకు లోహపు గాజు పూత వేసింది. మామూలు లోహంలో పరమాణువులు వరుసల్లో ఉంటాయి. కరిగించి చటుక్కున చల్లార్చిన ఈ పూతలో, గాజులోలాగే, వరుసలుండవు, అందుకే తుప్పు దూరే సందులూ తక్కువే.

"ఇక తుప్పు పట్టదండీ," అని ధీమాగా చెప్పింది.

వానలు వెలిశాక చూస్తే ఇరుసుకు నీళ్లు చిమ్మే రెక్కలు అతికిన చోట, అతుకు చుట్టూ తుప్పు. పూత వేశాక వెల్డింగ్ చేయించింది తనే. ఆ వేడికి అక్కడి పూతలో పరమాణువులు వరుసకట్టేశాయి, తుప్పుకు సందులు దొరికాయి.

"మావాళ్లు సరిగ్గా వాడలేదేమోనమ్మా," అన్నాడాయన.

వాసవి సిగ్గుతో చితికిపోయింది. "కాదండీ, తప్పు నాదే."

ఇప్పుడు అయిదు లోహాలు ఇంచుమించు సమానంగా కలిపిన మిశ్రమాలు పరీక్షిస్తోంది. వాటిలో వరుసలున్నా, కొన్ని తుప్పును బాగానే తట్టుకుంటాయి, వెల్డింగ్ వేడికీ అంత సులువుగా చెడవు. ఈసారి మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.