బావ కట్టిన గోడ

ఆ వడ్రంగి చెక్కని అద్దంలా చిత్రిక పడతాడని అందరూ చిత్రిక మేస్త్రి అనేవారు. ప్లాస్టిక్ సామాను చేత్తో ముట్టేవాడు కాదు. "చెక్కకి ప్రాణం ఉంటుంది, పీవీసీకి రంగే ఉంటుంది" అనేవాడు.

అతని బావ తాపీ మేస్త్రి. పరంజా మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నాక చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. వంటింటి వైపు తిరిగేచోట గోడ మూలకి కుర్చీ తగిలి ప్లాస్టరు ఊడిపోతోందని అక్క తమ్ముణ్ణి పిలిచింది. గోడ అడుగున పొడుగునా చెక్క పట్టీలతో స్కర్టింగు కూడా వేయమంది.

చిత్రిక మేస్త్రి టేకు పట్టీలు తెచ్చాడు. గోడకి ఆనించి చూస్తే మధ్యలో గోడ ఉబ్బి ఉంది. పట్టీ అక్కడ ఆని, రెండు చివర్లా వేలు దూరేంత సందు మిగిలింది.

"బావా, నీ గోడకి కడుపొచ్చింది!"

"మీ అక్కకి నొప్పులొచ్చిన రోజు పూశానురా. చేయి గోడ మీద ఉంది, మనసు ఆసుపత్రిలో ఉంది."

మేస్త్రి నవ్వి, స్క్రూలు బిగించి పట్టీని బలవంతంగా గోడకి లాగాడు. మూలకి కూడా టేకు పట్టీయే కొట్టాడు. చూపుకి ముచ్చటగా ఉంది.

నాలుగు రోజులకి అక్క ఫోను చేసింది. "ఒకసారి రారా. మీ బావ చెయ్యి చీరుకుపోయింది."

వంగిన చెక్క తన దారికి తాను తిరిగి, ప్లాస్టరులో స్క్రూలు పట్టుకున్న ప్లగ్గుల్ని పీకేసింది. మూల పట్టీ కూడా లేచింది. చక్రం తిప్పుతుండగా బావ వేళ్ళు ఆ పట్టీ అంచుకి గీసుకుపోయాయి. మేస్త్రి వచ్చి కట్టు చూసి, ముందు లేచిన పట్టీలన్నీ ఊడదీశాడు.

"గోడని నీ మాట వినమంటే వింటుందా? కాస్త దాని మాట నువ్వు విను," అన్నాడు బావ. "పట్టీ ఎత్తుకి గీత గీయి. గీతకి కిందే ఉబ్బు చెక్కు. పట్టీ వెనక ఎవరు చూస్తారు?"

మేస్త్రి ఉలితో మెల్లగా చెక్కాడు. వంకర లేని అల్యూమినియం కడ్డీ ఆనించి చూసి, ఇంకొంచెం చెక్కాడు. ఈసారి స్కర్టింగు బిగించకుండానే గోడకి అతుక్కున్నట్టు కూర్చుంది. మూల దగ్గర వదులైన ప్లాస్టరు రాల్చి, పుట్టీ పూసి ఆరనిచ్చాడు. మర్నాడు బజారుకి వెళ్ళి, గోడ మూలకి తొడిగే, గుండ్రటి అంచున్న పీవీసీ కార్నర్ గార్డు కొనుక్కొచ్చాడు. గమ్ము రాసి నొక్కి, పట్టు దొరికేదాకా టేపు అంటించి ఉంచాడు. మూల తొంభై డిగ్రీలు లేకపోయినా అది కాస్త విచ్చుకుని సర్దుకుంది.

"ముట్టుకున్నావే!" అంది అక్క.

"బావ చెయ్యి కంటే నా పంతం ఎక్కువా?"

ఆ తర్వాత పాత ఇళ్ళ పని వస్తే ముందు బావని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. బావ కుర్చీలోంచే అరచేత్తో గోడ తడిమి, ఎక్కడ ఉబ్బుందో, ఎక్కడ గుంటుందో చెబుతాడు. మొదటిసారి వెళ్ళొచ్చిన సాయంత్రం బావ చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాడని అక్క చెప్పింది.