పరదాలమ్మ తొలి బిల్లు

మా వీధిలో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. కిటికీ పరదాలు కుడుతుంది కాబట్టి పరదాలమ్మ. కొత్త గుడ్డ వచ్చిందంటే ముందు టేపూ తీయదు, కత్తెరా తీయదు. ఒక కొస రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ గుడ్డలోంచి వీధిని చూస్తూ నిలబడిపోతుంది. పిలిచినా పలకదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. నేను లెక్కలు రాసే మనిషిని. చుట్టుపక్కల చిన్న దుకాణాలకు నెలనెలా పన్ను రిటర్నులు వేసిపెడతాను. పని మధ్యలో నిలబడి కలలు కనేవాళ్లను చూస్తే నాకు సహజంగానే చిరాకు.

"ఏం చూస్తున్నారమ్మా అంతసేపు?" అని అడిగేశాను ఒకసారి.

"ఈ గుడ్డలోంచి మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూస్తున్నా లెక్కలమ్మా. కొందరి ఇళ్లలో మధ్యాహ్నం మరీ కటువుగా ఉంటుంది" అంది.

ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. కానీ అబద్ధమెందుకు, ఆమె గదిలో కూర్చుంటే నాకూ ఏదో అవుతుంది. మేడ మీద పొడవాటి గది. కుట్టిన పరదాలన్నీ తాళ్ల మీద వేలాడుతుంటాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా అవన్నీ ఒకేసారి మెల్లగా లేచి మెల్లగా దిగుతాయి. వాటి మధ్య స్టూలు వేసుకుని కూర్చుంటే వెలుగు పాలలా వచ్చి ఒళ్లో పడుతుంది. అంకెలు కూడుతూ కూడుతూ ఎన్నిసార్లు కునుకు తీశానో నాకే తెలియదు. ఆమె నన్ను లేపేది కాదు. నేను లేచేదాకా మిషను కూడా ఆపి కూర్చునేది.

అంతకుముందు చాలా ఏళ్లు ఆమె తన అక్క కొట్లో కుట్టింది. అక్క ముందు గదిలో కస్టమర్లతో, ఈమె వెనక గదిలో మిషను మీద. అక్క చెడ్డదేం కాదు. చెల్లెలికి ఏ లోటూ రానివ్వలేదు. కానీ జీతమన్న మాటా, వాటా అన్న మాటా వాళ్ల మధ్య ఏనాడూ రాలేదు. "ఒకే ఇంటివాళ్లం, మనలో మనం సర్దుకుందాం" అనేది అక్క. సర్దుకోవడం మాత్రం ఎప్పుడూ చెల్లెలి వంతే. ఒకరోజు ఉన్నట్టుండి, "అక్కా, నేను విడిగా పెట్టుకుంటాను" అంది పరదాలమ్మ. అక్క మడత పెడుతున్న గుడ్డ మీంచి కళ్లెత్తకుండా, "నీ ఇష్టం" అంది. ఆ "నీ ఇష్టం" ఎంత కోపంతో వస్తుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె పేరు మీద వ్యాపారం రిజిస్టరు చేయించింది నేనే. పన్ను రిజిస్ట్రేషను నంబరు వచ్చిన రోజున ఆ కాగితాన్ని ఆమె పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. "ఇంతవరకూ నా పేరు మీద రేషను కార్డు తప్ప ఏమీ లేదు లెక్కలమ్మా. అందులోనూ మా ఆయన పేరు కిందే ఉంటుంది" అని నవ్వింది. కొత్తగా కట్టిన ఒక హాస్టలు కిటికీలన్నిటికీ పరదాలు కుట్టే పని అప్పుడే తగిలింది. దానికి కావలసిన తెల్లటి పల్చని గుడ్డ హోల్‌సేలు కంపెనీకి ఫోను చేసి తెప్పించుకుంది. అక్క కొట్టుకి ఏళ్ల తరబడి గుడ్డ పంపిన కంపెనీయే.

నెల తిరిగాక రిటర్ను వేద్దామని వెళ్లాను. ఆమె బీరువా తెరిచి, చీరల మధ్య నుంచి బిల్లు తీసి రెండు చేతులతో అందించింది. నేను చదివాను. మళ్లీ చదివాను. పైన పేరు ఆమెదే. కింద రిజిస్ట్రేషను నంబరు, బిల్లింగు అడ్రసు మాత్రం అక్క కొట్టువి.

"పేరు నాదే కదా?" అంది నా మొహం చూసి.

"పేరు చూసి మురిసిపోవడానికి ఇది శుభలేఖా? లెక్కంతా నంబరు మీద నడుస్తుందమ్మా. ఈ గుడ్డ మీద మీరు కట్టిన పన్ను, రేపు పరదాల మీద మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గాలి. అలా తగ్గాలంటే ఈ కొనుగోలు మీ నంబరు కింద కనబడాలి. ఇప్పుడిది మీ అక్కగారి నంబరు కింద కనబడుతోంది. మీ లెక్కలో మీరు ఒక్క మీటరు గుడ్డ కూడా కొనలేదు."

ఆమె పెన్ను తీసింది. నంబరు కొట్టేసి పైన రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "మనం దిద్దితే అది బిల్లు కాదు, చిత్తు కాగితం. ఇచ్చినవాడే మార్చి ఇవ్వాలి."

కంపెనీ గుమాస్తాకు ఫోను చేసి స్పీకరు పెట్టాం. పాత మనిషి, మర్యాదస్తుడు. విషయం విని నవ్వాడు.

"మీరేగా అమ్మా, ఎప్పటిలాగే పంపు బాబూ అన్నారు? ఎప్పటిలాగే పాత ఖాతా తీశాను. కొత్త పేరు చెప్పారు, పేరు మార్చాను. సరుకు దించే చోటు చెప్పారు, అక్కడికే పంపాను. మిగతావి నాకేం తెలుసు?"

పరదాలమ్మ నాలుక కరుచుకుంది. ఏళ్ల అలవాటు కదా, నోట్లోంచి అలా వచ్చేసింది.

"అయినా ఎక్కడికి పోయిందమ్మా? అక్కగారి ఖాతాలోనే కదా పడింది. ఆవిడ ఆ పన్ను తన లెక్కలో తగ్గించుకుని, ఆ డబ్బు మీకు ఇచ్చేస్తారు. ఒకే ఇంటివాళ్లు, మీలో మీరు సర్దుకోండి" అన్నాడతను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సరుకు అందనివాళ్లు ఆ పన్ను ఎలా తగ్గించుకుంటారండీ? అది తప్పు" అని అందుకోబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. పరదాలు లేచి దిగాయి. తనలో తను మాట్లాడుకుంటున్నంత మెల్లగా అంది: "సర్దుకోను బాబూ. నా బిల్లు నాకు ఇవ్వు."

ఆమె నోట "సర్దుకోను" అన్న మాట వినడం అదే మొదలు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పటికప్పుడు కంపెనీకి మెయిలు రాశాం. బిల్లు నంబరు, తేదీ, అందులో తప్పుగా పడిన రిజిస్ట్రేషను నంబరు, అడ్రసు, వాటి బదులు పడాల్సినవి, ఆమె రిజిస్ట్రేషను కాగితం, సరుకు ఆమె గదిలోనే దించినట్టు సంతకం పెట్టిన రసీదు. మర్నాడు గుమాస్తా జవాబిచ్చాడు. ఆ నెల రిటర్ను వాళ్లు ఇప్పటికే వేసేశారట. అందుకని పాత నంబరు మీద క్రెడిట్ నోటు ఇచ్చి ఆ బిల్లు రద్దు చేస్తారు, సరైన వివరాలతో కొత్త ఇన్‌వాయిసు ఇస్తారు. కానీ అంతకుముందు అక్క కొట్టు నుంచి ఒక మాట రాతపూర్వకంగా కావాలి: ఆ సరుకు మాకు రాలేదు, ఆ పన్ను మేము వాడుకోలేదు అని.

అది చదివి పరదాలమ్మ కుట్టు మిషను ముందు కూలబడింది. "పోనీ వదిలేద్దాం లెక్కలమ్మా. ఆ పన్నేదో నేనే భరిస్తాను."

"భరించండి. వచ్చే బిల్లు కూడా అలాగే రానివ్వండి. మీ పేరు పైన ఉత్తినే వేలాడుతుంది, వ్యాపారం మీ అక్కది" అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. అనకపోతే ఆమె లేచేది కాదు.

ఇద్దరం నడిచి వెళ్లాం. ఎండ ఉందో మబ్బు పట్టిందో కూడా తెలియని మధ్యాహ్నం. అలవాటైన దారే అయినా ఆమె ప్రతి కిటికీ దగ్గరా ఆగింది. చాలా పరదాలు ఆమె కుట్టినవే. ఇది నేనే, అదీ నేనే అని ఆమె గొణుగుతుంటే, నేను నిద్రలో నడుస్తున్నానేమో అనిపించింది. ఊళ్లో సగం ఇళ్ల మధ్యాహ్నాలు ఈమె చేతిలోంచి వచ్చినవే, ఒక్క బిల్లు మీద కూడా ఈమె పేరు లేదు.

అక్క కౌంటరు వెనక ఉంది. చెల్లెల్ని చూసి కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"నాకు తెలుసు ఎందుకొచ్చావో. మా లెక్కలాయన చూపించాడు. ఆ పన్ను నేనే వాడుకుని డబ్బు నీకు పంపిద్దామనుకున్నా. ఇంత దానికి మనిషిని వెంటేసుకుని రావాలా? ఫోను చేస్తే పోయేదిగా."

"వద్దక్కా."

"ఏం? నేను నీ సొమ్ము మింగేస్తానా?"

"మింగవు. కానీ అది నా బిల్లు."

అక్క మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్లూ నీది నేను తిన్నాననా నీ ఉద్దేశం?"

"కాదక్కా. ఇన్నాళ్లూ నువ్వే పెట్టావు. నాకు ఆకలి వేయకముందే కంచంలో పెట్టేశావు. అందుకే నాకేం కావాలో నాకెప్పుడూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. నేను కొన్నది నాదని ఒక కాగితం మీద ఉండాలి. అంతే."

అక్క నా వైపు తిరిగి ఫోను తీసింది. "ఏం రాయాలో చెప్పండి." నేను చెప్పాను, ఆవిడ రాసింది, కొట్టు మెయిలు నుంచి కంపెనీకి పంపేసింది. కూర్చోమనలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు పరదాలమ్మ ఒక్క కిటికీ వైపూ చూడలేదు.

కొత్త ఇన్‌వాయిసు వచ్చింది. ఈసారి పేరూ, నంబరూ, అడ్రసూ అన్నీ ఆమెవే. మేడ మీద గది అని కూడా వేశాడు గుమాస్తా. రిటర్నులో అది ఆమె నంబరు కింద కనబడిందని నేను చూపించాను. సంతోషపడుతుందనుకున్నాను. బిల్లు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"నేను గెలవాలనుకోలేదు లెక్కలమ్మా. అక్క కూర్చోమని కూడా అనలేదు, చూశారా?"

ఫైలు సర్దుతున్నట్టు నటించాను. అప్పుడు ఆమె ఫోను మోగింది. అక్క. ఆమె ఫోను నా ముందుకు జరిపితే స్పీకరు నేనే నొక్కాను.

"ఒక కస్టమరు మెట్ల కిటికీకి పొరలు పొరలుగా దిగే పరదా అడుగుతున్నారు. నా దగ్గర అది ఎవరికీ రాదు. నువ్వు కుట్టాలి."

"కుడతానక్కా. బిల్లు ఇస్తాను."

"నాకు బిల్లా?"

"ఊఁ. నీకే."

అవతల ఏదో సొరుగు లాగిన శబ్దం.

"అయితే రాసుకో. నా నంబరు చెప్తున్నా." అక్క ఒక్కో అంకె చెబుతూ పోయింది. ఏళ్లపాటు ఆ కొట్టుకి గుడ్డ తెప్పించిన చెల్లెలికి అది నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా ప్రతి అంకె అక్క చెప్పాకే రాసుకుంది.

"ఇప్పుడు నీది చెప్పు" అంది అక్క. "కొత్త ఖాతా తెరుస్తున్నా."

పరదాలమ్మ లేచి నిలబడింది. తన నంబరు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో అంకెనూ అక్క అవతల నుంచి తిరిగి చెబుతూ రాసుకుంది.

"మళ్లీ చెప్పు చెల్లీ. తప్పు పడకూడదు."

చెల్లెలు మొదటి నుంచి మళ్లీ చెప్పింది.