నెల నిండకుండా వచ్చిన కార్డు

జానకికి కోపం ముక్కు మీదే ఉంటుందని భాలుబాసా పేటంతా తెలుసు. ఇనుము పోతపోసే ఫౌండ్రీ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో మందుల కిటికీ ఆమెది. బొబ్బిలి నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో స్థిరపడ్డ ఇంటి పిల్ల, ఫార్మసీ చదివింది, ఫౌండ్రీలో అచ్చులు చేసే మోల్డింగ్ షాపులో పనిచేసే సూర్యాన్ని పెళ్ళాడింది. ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాడు ఎవడైనా సరే, ఒకసారి చీవాట్లు తినకుండా మందు పుచ్చుకున్న పాపాన పోలేదు.

తెల్లవారి షిఫ్టుకు వెళ్తూ కార్మికులు పాత మందు మళ్ళీ కావాలన్న కార్డులు గోడకున్న చెక్కపెట్టెలో పడేస్తారు. అటెండరు చినబాబు వాటిని తెచ్చి బల్ల మీద పోస్తాడు. ప్రతి కార్డులో కార్మికుడి టికెట్ నంబరు ఫౌండ్రీ హాజరు పట్టీలో ఉందా, డాక్టరు సంతకానికి గడువు దాటిందా, మోతాదు ఆయన రాసిందేనా, కిందటిసారి మందు ఎప్పుడిచ్చారు, ఇవన్నీ జానకి చూస్తుంది. ఆ తర్వాత ట్రేలు. ఒక్కరోజు తప్పినా ప్రాణం మీదికి వచ్చే మందులు, అంటే మూర్ఛకు, చక్కెరకు, గుండెకు, క్షయకు వాడేవి, మొదటి ట్రేలో పెడుతుంది. రక్తపోటు, ఆయాసం లాంటివి రెండో దాంట్లో. టానిక్కులూ పూతమందులూ చివరికి. ఏదైనా అనుమానం తగిలితే ఆ కార్డు పక్కన ఆగుతుంది. "నేను ముందొచ్చాను" అని ఎవరైనా అరిస్తే, "వరస రోగానిది, నీది కాదు" అని కిటికీ లోంచే కసురుతుంది.

ఆ రోజు ఫౌండ్రీ కార్మికుడి పెళ్ళాం సింహాచలమ్మ కార్డును చినబాబు మొదటి ట్రేలో వేశాడు. మూర్ఛ మందు కాబట్టి అతను చేసింది సరైనదే. జానకి దాన్ని తిరిగి బయటికి తీసింది.

"ఏటక్కా, ఫిట్సు మందు ఆపొద్దని నువ్వే అంతావు కదా?" అన్నాడు చినబాబు.

"ఆపట్లేదు, అడుగుతున్నాను. నెలకి సరిపడా ఇచ్చాం. నెల సగమైనా కాలేదు, అప్పుడే అయిపోయాయంటే నమ్మమంటావా?"

పైగా సింహాచలమ్మ మొన్ననే ప్రసవమై వార్డులోంచి ఇంటికి వెళ్ళింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆమె బిళ్ళలు వార్డు మందుల్లోంచే వెళ్ళాయి. పంపింది జానకే. ఆ లెక్కన ఇంట్లో బిళ్ళలు మిగలాలి గాని తరగకూడదు. మందు ఆగితే ప్రమాదం, అడగకుండా ఇస్తే ఇంకో ప్రమాదం. జానకికి ఒళ్ళు మండింది.

కిటికీ దగ్గర పసిగుడ్డుతో నిలబడి ఉంది సింహాచలమ్మ. జానకి ఆమెను డ్రెస్సింగ్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"బిళ్ళలు ఏమయ్యాయి?"

"నీళ్ళల్లో పడిపోనాయమ్మా."

"వార్డులో ఇచ్చినవి కూడా నీళ్ళల్లోనే పడ్డాయా?"

సింహాచలమ్మ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. "నాకు కాదు జానకమ్మా. నాకు జబ్బే నేదు, ఉందని డాక్టరుకి అబద్దం సెప్పినాను. అయి మా ఆయనికి. వార్డులో ఇచ్చినయి తలగడ కింద దాసి, ఆయనొచ్చినప్పుడు సేతిలో పెట్టేదాన్ని. ఈ మద్దిన నైటు డూటీలు ఎక్కువైపోనాయి, నిద్దర నేదు, రెండుసార్లు ఇంట్లోనే పడిపోనాడు. బయిమేసి ఎక్కువ మింగేత్తన్నాడు. రేపటికి ఒక్క బిళ్ళా నేదు."

సింహాచలమ్మ మొగుడు ఆదిబాబు క్రేన్ డ్రైవరు. కరిగిన ఇనుము నిండిన బకెట్టును ఎత్తి మోల్డుల మీదుగా నడిపే మనిషి. ఆ మోల్డుల దగ్గర రోజూ నిలబడేది సూర్యం.

"మా ఆయన ఆ క్రేను కిందే ఉంటాడే! ఎంతమంది ఆడవాళ్ళ పసుపుకుంకాలతో ఆడుకుంటున్నారు మీరు?"

"సెప్తే ఏటవుద్దో మీకు తెల్దా? క్రేను తోలే పోలరాజు తనకి ఫిట్సని నిజం సెప్పాడు. ఏటిచ్చినారు? పేరు కొట్టేసినారు. ఇప్పుడు సాక్చీ బజార్లో తోపుడుబండి తోత్తన్నాడు."

అది నిజమే. అందుకే జానకికి మరింత కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద చూపించాలో ఆమెకే తెలియలేదు. దాచినవాడి మీదా, నిజం చెప్పినవాణ్ణి వీధిలోకి తోసినవాళ్ళ మీదా?

తిన్నగా డాక్టర్ ఘోషాల్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయన సింహాచలమ్మ కార్డు రద్దు చేశాడు. ఒకరి పేరున మరొకరికి మందు ఇవ్వకూడదు, ఆదిబాబును చూడకుండా రాయనూ కూడదు, అలాగని ఉన్నపళంగా ఆపితే మూర్ఛ మీద మూర్ఛ వచ్చి మనిషి దక్కడు. వెంటనే మోల్డింగ్ షాపుకు ఫోన్ చేసి, కళ్ళ పరీక్ష ఉందని సాకు చెప్పి, క్రేన్ డ్రైవరును దింపి పంపమన్నాడు.

ఆదిబాబు వచ్చి, కిటికీ దగ్గర ఏడుస్తున్న పెళ్ళాన్ని చూడగానే సంగతి గ్రహించాడు.

"వదినా, నా నోట్లో మన్ను కొట్టినావు కదా! సూర్యం నాకు అన్న లాంటోడు. నానెప్పుడైనా అన్న మీద ఒక్క సుక్క పడనిచ్చానా?"

"పడ్డాక చెప్తావా? ముందు లోపలికి నడు."

డాక్టరు పరీక్షించి అతని పేరునే కార్డు రాశాడు. క్రేను ఎక్కించరాదు, రాత్రి డ్యూటీ వేయరాదు, నేల మీద పని ఇవ్వాలి అని మేనేజరుకు చీటీ పంపాడు. జానకి ఆదిబాబుకు బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు ఎక్కువ మింగితే ఏమవుతుందో చెప్పి మరీ పంపింది. ఆ సాయంత్రం సూర్యం ఎప్పటిలాగే ఇంటికి వచ్చాడు. అతనికి అన్నం పెట్టి, తినేదాకా ఆమె పక్కనే కూర్చుంది.

మేనేజరు ఆ చీటీలో మొదటి ముక్క మాత్రమే చదువుకున్నట్టున్నాడు. ఆదిబాబును క్రేను నుంచి దింపాడు. నేల మీద ఖాళీ లేదన్నాడు. కొన్నాళ్ళకు పేరే కొట్టేశాడు.

నెల నిండిన రోజు చినబాబు పోసిన కార్డుల్లో ఆదిబాబు కార్డు వచ్చింది. డాక్టరు సంతకం ఉంది, గడువు ఉంది, మోతాదు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది. టికెట్ నంబరు మాత్రం హాజరు పట్టీలో లేదు.

జానకి మొదటి ట్రేలోని మిగతా మందులన్నీ ఇచ్చేసింది. రెండో ట్రేవీ ఇచ్చేసింది. టానిక్కుల ట్రే అలాగే ఉంచి, కిటికీకి గొళ్ళెం పెట్టి, ఆదిబాబు కార్డు పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"వో అబ్ హమారా ఆద్మీ నహీఁ హై" అన్నాడు మేనేజరు, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే. ఆదిబాబు ఇక తమ మనిషి కాదట.

జానకి హిందీలో అందుకుంది. "మీ మనిషిగా ఉన్నప్పుడు జబ్బు దాచాడు, మీ క్రేను ఎక్కాడు, ఏమీ కాలేదు. చెప్పాక మీ మనిషి కాకుండా పోయాడా? రేపు ఇంకొకడికి మూర్ఛ వస్తే నాకు నిజం చెప్తాడా? చెప్పకపోతే ఆ బకెట్టు ఎవరి నెత్తిన పడుతుంది?"

అక్కడున్న గుమాస్తాలంతా రాయడం ఆపేశారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. కార్డు లాక్కుని, 'ఈ ఒక్క నెలకు, దయతో' అని రాసి, సంతకం గీకి, బల్ల మీదికి విసిరాడు. దయట! మనిషి బతుకు మీద బూటుకాలు పెట్టి, పైగా దయట!

కిటికీ తెరిచేసరికి ఆదిబాబు క్యూకి దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. జానకి పొట్లం అందించింది. అతను విప్పి, బిళ్ళలు చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పై నెలకేటి వదినా?" అన్నాడు.

జానకి అతని కార్డును ఖాళీ అయిన మొదటి ట్రేలో పెట్టింది.