రెండుసార్లు పోయిన ఎనిమిది వేలు

వర్తూరు దగ్గర ఫ్లాటుకు లక్షన్నర అడ్వాన్సు కట్టేశాక గాని, బ్యాంకు నాకు ఎంత అప్పిస్తుందో అడగాలని తోచలేదు. నా తెలివి ఎప్పుడూ అంతే, ముందు చెయ్యి నడుస్తుంది, తర్వాత బుర్ర. ముప్పై నాలుగు లక్షలు అప్పు కావాలి. పదిహేను రోజుల్లో మంజూరు కాగితం చూపించకపోతే అడ్వాన్సు మీద ఆశ వదులుకోమని ఒప్పందంలోనే రాసి ఉంది.

బొమ్మనహళ్ళిలో నేను పనిచేసే గార్మెంట్స్ ఆఫీసుకు దగ్గరి బ్యాంకులోనే అడిగాను. అక్కడి లోన్ల మేడమ్‌ది కోలారు వైపు, చిన్న వయసు, చాలా మర్యాద. విషయం విడమరిచి చెప్పింది.

"నెల సంబళంలో, అంటే జీతంలో, సగం వరకే సార్. మీరు నెలనెలా కట్టే అన్ని కంతులూ ఆ సగంలోనే పట్టాల. పాత అప్పు ఏదైనా ఉంటే దాని కంతు తీసేసి, మిగిలిన దానికి ఎంత అప్పు వస్తుందో అంతే."

ఇరవై ఏళ్ళకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద, లక్ష అప్పుకు నెలకు ఎనిమిది వందల అరవై ఎనిమిది రూపాయలు కట్టాలట. ఆమె నా బ్యాంకు ఖాతా చూసింది. నెలనెలా పడేది అరవై ఎనిమిది వేలు. సగం ముప్పై నాలుగు. తర్వాత నా శాలరీ స్లిప్ తిప్పి, ఉద్యోగుల సొసైటీ అప్పు కంతు ఎనిమిది వేలు అని ఉన్న గీత మీద పెన్ను పెట్టింది. మిగిలింది ఇరవై ఆరు వేలు. అంటే ముప్పై లక్షలకు కూడా కాస్త తక్కువే. నాలుగు లక్షలు ఎక్కడ తేను?

ఆ సొసైటీ అప్పు మా దగ్గరే ఉండే మా అత్తగారి మోకాలి ఆపరేషన్‌కు తీసుకున్నది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా ఆవిడ మీద అరిచాను. "మీ అమ్మ మోకాలే మన ఇంటికి అడ్డం పడింది!" అనేశాను.  ఆమె స్లిప్ నా చేతిలోంచి తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. లోటు పూడ్చడానికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకున్నాను. దాని కంతూ ఆ సగంలోంచే పోతుందని, ఇంటి అప్పు ఇంకా తగ్గుతుందని ఆఫీసులో ఒకాయన చెప్పి ఆపాడు. లేకపోతే అదీ చేసేవాణ్ణే.

నాలుగో రోజు పొద్దున మా ఆవిడే నోరు విప్పింది. "బ్యాంకుకు నేనూ వస్తాను పద."

మేడమ్ ముందు కూర్చుని మా ఆవిడ స్లిప్ పరిచింది. పన్నూ పీఎఫ్ పోగా డెబ్బై ఆరు వేలు. కింద సొసైటీ కంతు. దాని కింద చేతికొచ్చేది అరవై ఎనిమిది.

"ఈ ఎనిమిది వేలు ఆఫీసులోనే పట్టుకున్యాక గదమ్మా ఖాతాలో అరవై ఎనిమిది పడేది? మళ్ళీ మీరు ఇంగోసారి తీసేస్తే ఎట్లా? ఒకే కంతు రెండు మాట్లు కట్టినట్లుండాది."

మేడమ్ స్లిప్ చూసింది, కంప్యూటర్ చూసింది, నాలుక కరుచుకుంది. "సారీ మేడమ్. ఆదాయం ఖాతాలోంచి తీసుకున్యాను, కంతు స్లిప్‌లోంచి తీసుకున్యాను. డెబ్బై ఆరు మీద లెక్క వేయాల్సింది."

సగం ముప్పై ఎనిమిది వేలు. ఎనిమిది పోతే ముప్పై. ముప్పై నాలుగున్నర లక్షలు! నాకు ఒళ్ళంతా తేలికైంది. నేనైతే పూర్తి ముప్పై నాలుగున్నరా ఇమ్మనేవాణ్ణి. మా ఆవిడ ముప్పై నాలుగే చాలంది. ఆ అంకెకే వారంలో మంజూరు కాగితం ఇస్తానంది మేడమ్.

మెట్లు దిగుతూ, "తప్పయింది, ఆ రోజు అలా అనకూడదు," అన్నాను.

"నాకు చెప్పేది కాదప్పా అది. అమ్మ లోపల్నే ఉన్నింది. అంతా వినింది."

 ఇంటికెళ్ళేసరికి అత్తగారు వంటింట్లో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"లోన్ వస్తోంది అత్తమ్మా," అన్నాను. "మీ ఆపరేషన్ అప్పు అడ్డం కాలేదు. ఆ లెక్కే తప్పు. నేను అన్నదీ తప్పే."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"నిజంగానా అప్పా? నా కాలికి పెట్టిన దుడ్డే మీ ఇల్లు చెడగొట్టిందని మూడు దినాలుగా ముద్ద దిగలేదు నాకు."

మూడు రోజులుగా ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. ఆమె కంచం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సిగ్గుతో తల వంచుకుని, ఆ మధ్యాహ్నం నేనే వడ్డించాను. ఆమె చారన్నం మొత్తం తిని, ఇంకాస్త వెయ్యమని కంచం చాపారు.