నూట నలభై ఒక్కమంది

"టేబులు మార్చండి మేడమ్. అబ్‌స్ట్రాక్టు మార్చలేం!"

"జాకెట్టు బిగుతైందని మనిషిని చెక్కుతామా బాబూ, కుట్లు విప్పుతామా?"

టీ తాగి మెట్లెక్కుతున్న అయూబ్‌కి సగం మెట్ల మీదే ఈ గొడవ వినపడింది. రెండో గొంతు రెబ్కా టీచరుది. ఆవిడ అరవదు. అరవకుండానే అవతలివాడి తల ప్రాణం తోకకి తెస్తుంది.

గుంటూరు కొత్తపేట సందులో, మందుల షాపు పైన ఉంది ఆ డీటీపీ సెంటరు. డాక్టరు చదువుల వాళ్ళు, వ్యవసాయం చదువుల వాళ్ళు థీసిస్‌లు, పేపర్లు టైపు చేయించుకోవడానికి వస్తారు. అయూబ్ ఇంజినీరింగు రెండో ఏడు వదిలేసి వచ్చి ఇక్కడ కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎవడి అంకెలు వాడివి, కొట్టమన్నది కొట్టడమే తన పని అనేవాడు.

రెబ్కా టీచరు అలాక్కాదు. ప్రత్తిపాడు పక్కన కూలోళ్ళింట పుట్టి, మిషను బళ్ళో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఓ రోజు ప్రార్థన కూడిక కరపత్రం వేయించుకోడానికి వచ్చి, బల్ల మీదున్న ఎవరిదో థీసిస్ ఊరికే తిరగేసింది. "ఏమయ్యా, ముందు పేజీలో అరవై రెండంటాడు, లోపల యాభై తొమ్మిదంటాడు. వీడికి ఎన్ని ఎకరాలు?" అంది. ఓనరు సిలార్ ఆవిడ్ని మర్నాటి నుంచి రమ్మన్నాడు.

ఆవిడ పద్ధతి ఆవిడది. పేపరు మొదట్లో పది పన్నెండు వాక్యాల సారాంశం ఉంటుంది, అదే అబ్‌స్ట్రాక్టు. చాలామంది అదొక్కటే చదివి వదిలేస్తారు. ఆవిడ వాక్యాలు చదవకుండానే అందులో ప్రతి అంకె కిందా ఎర్ర పెన్సిలు గీత గీస్తుంది. తర్వాత దాన్ని మూసిపెట్టి, లోపలి అంకెల పట్టిక, అదే టేబులు, ముందు చదువుతుంది. ఆ తర్వాతే అబ్‌స్ట్రాక్టు తెరుస్తుంది. "ముందు ఇది చదివితే, కన్ను అక్కడ కూడా ఇదే చూస్తుందిరా," అనేది. అంకె దొరికితే పక్కన టేబులు నంబరేసి టిక్కు. శాతమైతే ఊరుకోదు, దేన్ని దేంతో భాగించారో మళ్ళీ వేసి చూస్తుంది.

ఇప్పుడు ఆవిడ ముందు నిలబడి చెమటలు కక్కుతున్నవాడు ప్రసన్నకుమార్, పీజీ ఆఖరేడు డాక్టరు. మిరప, పత్తి చేలల్లో మందు కొట్టే దగ్గర పనిచేసే ఆడవాళ్ళకి సీజను ముందోసారి, తర్వాతోసారి రక్తం తీసి, పురుగుమందు ఒంట్లోకి పోతే తగ్గే ఒక ఎంజైము ఎంత తగ్గిందో చూశాడు. అబ్‌స్ట్రాక్టులో ఏముంది? 146 మందినీ రెండుసార్లు పరీక్షించాం, 41 మందికి, అంటే 28.1 శాతానికి, ఐదో వంతుకి మించి తగ్గింది అని. లోపల మూడో టేబుల్లో? రెండోసారి చూసింది 141 మందినే. 41 మంది అంటే 29.1 శాతం.

"కాన్ఫరెన్సుకి పంపే తొందర్లో మొదటి లెక్కతో భాగించేశాను మేడమ్. అది పుస్తకంలో అచ్చయిపోయింది. ఇప్పుడు వేరే అంకె వేస్తే మా గైడు నన్ను బతకనివ్వరు. ఒక్క శాతం! దానికింత రాద్ధాంతమా?"

"శాతం సంగతి తర్వాత. మిగతా ఐదుగురేరి?"

"నాలుగో పేజీలో రాశాగా. ముగ్గురు వలస పోయారు, ఒకరు వద్దన్నారు, ఒకరు చనిపోయారు."

"మరి అందర్నీ పరీక్షించామని ఎలా రాశావు బాబూ?"

అతను విసురుగా మెట్లు దిగిపోయాడు. ఐదు నిమిషాలకి అయూబ్ ఫోనుకి వాయిస్ మెసేజొచ్చింది. టేబుల్లో మొత్తం 146 చెయ్యండి, శాతం 28.1 చెయ్యండి, నాలుగో పేజీలో ఆ వాక్యం తీసెయ్యండి, సాయంత్రం ఐదుకి జర్నలుకి పంపాలి.

టీచరు అన్నం డబ్బా కడుక్కోడానికి వెనక్కెళ్ళింది. అయూబ్ రెండు గళ్ళు మార్చాడు. వాక్యం దగ్గరికి వెళ్ళేలోపే ఆవిడ వచ్చేసింది. ఏది దిద్దినా కొత్త ప్రింటు తీసి చూడందే ఆవిడ ఊరుకోదు. ప్రింటు తీసింది. మూడో టేబులు కింద స్కేలు పెట్టింది.

"తగ్గినోళ్ళు నలభై ఒకటి. తగ్గనోళ్ళు వంద. కలిపితే ఎంతరా?"

"నూట నలభై ఒకటి."

"కింద నూట నలభై ఆరుంది."

అయూబ్ మొండికేశాడు. "ఆ వందని నూటైదు చేస్తే సరిపోద్దిగా టీచరమ్మా. డబ్బు కట్టేది డాక్టరు, నవ్వులపాలయ్యేది డాక్టరు. మనకెందుకు?"

ఆవిడ స్కేలు తీసి పక్కన పెట్టింది. కింద సందులో ఎవరో మిరప ఘాటుకి తుమ్ముతున్నారు.

"నూటైదు చేస్తే, ఆ ఐదుగురికీ ఏమీ కాలేదని రాసినట్టు."

"ఆ, అంతేగా."

"అందులో ఒకత్తి మా క్రిస్టీనా."

అయూబ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"నా చెల్లెలు. మందు డ్రమ్ముల్లో నీళ్ళు కలిపేది. మొదటిసారి రక్తమిచ్చినరోజు ఫోన్ చేసి, డాక్టర్లు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారక్కా అని నవ్వింది. రెండోసారికి లేదు. దేనివల్ల పోయిందో నాకు తెలియదు. ఆసుపత్రి కాగితంలో గుండె అని రాశారు. మందువల్లే అని నేననను, అనడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఊళ్ళ పేర్లు, నెల చూశాక తెలిసింది, ఆ 'ఒకరు' అదేనని. దాని గురించి ఎవరైనా రాసిన వాక్యం లోకంలో ఇదొక్కటేరా."

ఓదార్చడం అయూబ్‌కి చేతకాదు. గళ్ళు రెండూ వెనక్కి మార్చాడు. డాక్టరుకి ఫోన్ కొట్టి, స్పీకరు నొక్కాడు.

"సార్, టేబులు ముట్టుకోను. ముట్టుకుంటే కూడిక తప్పుద్ది. కాన్ఫరెన్సుకిచ్చింది వేరు, జర్నలుకిచ్చేది వేరు. పోర్టల్లో అబ్‌స్ట్రాక్టు గడి ఇంకా ఖాళీయే. 141 అని, 29.1 అని, ఐదుగురు రాలేదని, వాళ్ళల్లో ఒకరు చనిపోయారని పెడదాం."

"ఇప్పుడా? గైడుగారికి ఏమని చెప్పాలి?"

"లెక్క తప్పు వేశానని చెప్పండి. శాతం పెరిగిందిగానీ తగ్గలేదుగా, మీకేం నష్టం?"

ఆ పోయినావిడ ఎవరో నోటిదాకా వచ్చింది. టీచరు వైపు చూశాడు. వద్దన్నట్టు ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. మింగేశాడు.

అవతల స్కూటర్ల హారన్లు. చివరికి, "సరే. గైడుకి నేనే చెప్పుకుంటా. మార్చండి," అన్నాడు ప్రసన్నకుమార్. గొంతులో ఇందాకటి బింకం లేదు.

అయూబ్ అబ్‌స్ట్రాక్టు దిద్ది కొత్త ప్రింటు ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. టిక్కు పెట్టలేదు. కాగితాల కట్టంతా అతని వైపు జరిపింది.

"ఇంకా గంటన్నర టైముంది. నేను పెట్టిన టిక్కులన్నీ రబ్బరుతో చెరిపేసి, మొదటి నుంచి నువ్వు చూడరా అయూబూ. నా కన్ను పొద్దున్నుంచీ ఆ ఒక్క అంకె కోసమే వెతికింది. మిగతావి సరిగ్గా చూశానో లేదో నాకే నమ్మకం లేదు."